పాస్‌వర్డ్‌లు మరిది గారి దగ్గరున్నాయి: ఒక క్లినిక్ సైట్ పిచ్, మొదటి మెయిల్ నుంచి మొదటి నెల దాకా

ముందుగా నేను చెడగొట్టుకున్న ఒక పిచ్ గురించి చెప్పాలి. అది లేకపోతే ఈ కేసులో అంత ఆచితూచి ఎందుకు మాట్లాడానో అర్థం కాదు.

అది వేరే క్లినిక్. సైట్‌ని పేజ్‌స్పీడ్‌లో పెట్టి చూస్తే 100కి 31 వచ్చింది, ఎర్ర రంగు గుండ్రంలో. ఆ స్క్రీన్‌షాట్ జతచేసి, "మీ సైట్ బాగా వెనకబడి ఉంది, మొబైల్‌లో సరిగ్గా రావట్లేదు, దీనివల్ల పేషెంట్లని పోగొట్టుకుంటున్నారు" అని మెయిల్ పంపాను. అందులో చాలావరకు నిజమే. పేషెంట్లు పోతున్నారన్నది మాత్రం నాకు తెలియని సంగతి, ఊహించి రాసేశాను. సాయంత్రానికి ఒక్క వాక్యం జవాబు వచ్చింది: "ఆ సైట్ మా అబ్బాయి చేశాడండీ." మళ్లీ మెయిల్ రాలేదు, నాకూ రాసే ముఖం లేదు.

చిన్న క్లినిక్ సైట్ వెనక ఏ ఏజెన్సీయో ఉండదు. కొడుకో, మరిదో, కంప్యూటర్లు తెలిసిన పేషెంటో, కొన్నిసార్లు డాక్టరే రాత్రిళ్లు కూర్చుని చేసుకున్న పని అది. దానికి వంక పెడితే తగిలేది కోడ్‌కి కాదు, ఇంట్లోవాళ్లకి. ఇంకో చిక్కు కూడా ఉంది, అదే అసలు చిక్కు. హోస్టింగ్ లాగిన్, డొమైన్ ఖాతా సాధారణంగా ఆ చేసినవాళ్ల దగ్గరే ఉంటాయి. రేపు పని మొదలుపెట్టాలంటే తాళం చెవి వాళ్లే ఇవ్వాలి. కాబట్టి మర్యాద సంగతి పక్కనపెట్టినా, ఎవరిని నొప్పిస్తే పని ఆగిపోతుందో ముందే తెలుసుకోవడం మంచిది.

ఇక ఈ కేసు. పిల్లల క్లినిక్. ఒక డాక్టర్ గారు, ఒక నర్సు, రిసెప్షన్‌లో ఒకమ్మాయి. సైట్ అడుగున 2012 అని ఉంది. పేజీ మొత్తం టేబుల్స్‌తో కట్టారు, వెడల్పు 980 పిక్సెళ్ల దగ్గర బిగించి ఉంది. ఫోన్ నంబరు బ్యానర్ బొమ్మలో భాగంగా ఉంది కాబట్టి వేలితో నొక్కినా కాల్ వెళ్లదు. ఎడమవైపు మెనూలో ఏడు లింకులు, టైమింగ్స్ అందులో ఆరోది. హెచ్‌టీటీపీఎస్ లేదు కాబట్టి అడ్రస్ బార్‌లో Not secure అని వస్తోంది. 2018 జూలైలో క్రోమ్ 68 వచ్చినప్పటి నుంచి ఇలాంటి పేజీలన్నిటికీ ఆ ముద్ర పడుతోంది. అంతకుముందు ఇదే సైట్ ఏ ముద్రా లేకుండా ఆరేళ్లు నడిచింది.

తప్పుల లిస్ట్ రాసుకోవడానికి పది నిమిషాలు చాలు. ఈసారి దానికంటే ముందు ఇంకో లిస్ట్ రాసుకున్నాను, సైట్‌లో నిజంగా పనికొస్తున్నవేమిటని. సెర్చ్‌లో `site:` అని కొట్టి పక్కన డొమైన్ పెడితే ఇండెక్స్‌లో ఉన్న పేజీలు కనిపిస్తాయి. పద్నాలుగు వచ్చాయి. వాటిలో పిల్లల జ్వరం మీద డాక్టర్ గారు స్వయంగా రాసిన పేజీ ఒకటి. ఎన్నాళ్ల బిడ్డకి ఎంత జ్వరం ఉంటే ఏం చేయాలో పొడి మాటల్లో రాశారు. "మూడు నెలలు నిండని బిడ్డకి 38 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగకండి" అన్న వాక్యం విడిగా, లావు అక్షరాల్లో ఉంది. డబ్బిచ్చి రాయించుకున్న కంటెంట్‌లో ఇలాంటి వాక్యం దొరకడం కష్టం. ఆ పేజీని పూర్తిగా చదివాకే మెయిల్ మొదలుపెట్టాను.

పంపింది ఇదీ, మొత్తం:

"డాక్టర్ గారికి నమస్కారం. నేను ఫ్రీలాన్స్ వెబ్ డెవలపర్‌ని. పిల్లల జ్వరం గురించి మీరు రాసిన పేజీ చదివాను. ఎప్పుడు ఇంట్లో చూసుకోవచ్చో, ఎప్పుడు వెంటనే బయల్దేరాలో తేలిగ్గా అర్థమైంది. అది ఫోన్‌లో చదివాక క్లినిక్‌కి కాల్ చేయాలనుకునేవాళ్లకి నంబరు నొక్కితే కాల్ వెళ్లేలా, ఈరోజు టైమింగ్స్ పైనే కనిపించేలా చేయవచ్చు. ఇంకో చిన్న విషయం: సైట్‌లో ఆదివారం ఉదయం క్లినిక్ ఉంటుందని ఉంది, మ్యాప్ లిస్టింగ్‌లో ఆదివారం సెలవని ఉంది. ఏది సరైనదో మీకే తెలుసు. మ్యాప్‌లో మార్చడానికి ఖర్చేమీ లేదు, మీ స్టాఫ్ పది నిమిషాల్లో చేసేయవచ్చు. మీకు వీలైతే పదిహేను నిమిషాలు కలుస్తాను."

జతపరచినవి ఏమీ లేవు. స్క్రీన్‌షాట్ లేదు, స్కోర్ లేదు. ఆదివారం సంగతి కావాలనే పెట్టాను. అది సైట్ బాగోగుల గురించి కాదు, రెండు చోట్ల రెండు మాటలున్నాయన్న విషయం మాత్రమే. పైగా దాన్ని సరిచేసుకోవడానికి నా అవసరం లేదు. చేతిలో ఉన్న పనిని ఊరికే ఇచ్చేశావేమని ఒక ఫ్రెండ్ అడిగాడు. ఆ రెండో భాగం లేకపోతే మెయిల్‌కి జవాబే వచ్చేది కాదని ఇప్పటికీ నా నమ్మకం. రెండు రోజుల తర్వాత రిసెప్షన్ నుంచి కాల్ వచ్చింది: "ఆదివారం ఉంటామండీ, మ్యాప్‌లో మార్చేశాం. మేడమ్ గురువారం రమ్మన్నారు."

గురువారం నేను అడిగిన మొదటి ప్రశ్న సైట్ గురించే, అయితే ఇప్పుడెలా ఉందన్నది కాదు. "ఇది ఎవరు చేశారు మేడమ్, అప్పుడు దేనికోసం చేయించారు?" అన్నాను.

డాక్టర్ గారు నవ్వారు. "మా మరిది చేశాడు. అప్పుడే క్లినిక్ తెరిచాం, బోర్డుకి కూడా డబ్బుల్లేవు. పది రోజులు సెలవు పెట్టి చేశాడు. ఆ బ్యానర్ ఫోటో కూడా అతను తీసిందే."

బ్యానర్ ఫోటో గురించి నా నోట్‌బుక్‌లో "తీసేయాలి" అని ఉంది. నోట్‌బుక్ మూసేశాను.

కాసేపటికి ఆవిడే అడిగేశారు. ఈ ప్రశ్న ప్రతి పిచ్‌లోనూ వస్తుంది, దానికి జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి. "నిజం చెప్పండి. ఇది బాగా పాతబడిపోయిందా?"

లేదంటే అబద్ధం. అవునంటే పది రోజులు సెలవు పెట్టిన మనిషి మీద తీర్పు. నేను ఆవిడ టేబుల్ మీదున్న కంప్యూటర్‌లో సైట్ తెరవమన్నాను. చక్కగానే కనిపించింది. "మేడమ్, ఇది ఈ స్క్రీన్ కోసం చేసింది. ఈ స్క్రీన్ మీద ఇవాళ్టికీ సరిగ్గానే ఉంది. అప్పట్లో జనం సైట్లు చూసింది ఎక్కువగా ఇలాగే. స్టాట్‌కౌంటర్ లెక్కల్లో ప్రపంచం మొత్తం మీద ఫోన్లూ ట్యాబ్లెట్లూ కలిపి కంప్యూటర్లని మొదటిసారి దాటింది 2016 అక్టోబర్లో. మీ సైట్‌కి అప్పటికే నాలుగేళ్లు" అన్నాను. తర్వాత నా ఫోన్‌లో అదే పేజీ తెరిచి చూపించాను.

ఆ ఫోన్ చూపించడంలో ఒక జాగ్రత్త ఉంది. "మీ ఫోన్‌లో టైమింగ్స్ వెతకండి మేడమ్" అని యజమాని చేతికే పరీక్ష ఇవ్వడం చాలామంది చేస్తారు. వేళ్లతో సాగదీసి, పక్కకి జరిపి, తప్పు లింక్ నొక్కి ఆవిడ చిరాకుపడతారు. పాయింట్ అయితే అర్థమవుతుంది గానీ, స్టాఫ్ ముందు చిన్నబోయినట్టు కూడా ఉంటుంది. అందుకే నా ఫోన్‌లో, నా వేళ్లతో, వెతికింది నేనే. సాగదీయడం మొదలుపెట్టగానే పక్కనున్న రిసెప్షన్ అమ్మాయి అందుకుంది: "అందుకే మేడమ్, అందరూ టైమింగ్స్ అడగడానికి నాకే ఫోన్ చేస్తారు."

ఆ మాట నేను అన్నట్టయితే అమ్మకపు మాటయ్యేది. వెంటనే దాన్ని పట్టుకుని లాగలేదు. "ఒక వారం పాటు రాసిపెట్టగలరా? కాల్ వచ్చినప్పుడల్లా దేనికి చేశారో ఒక గీత, అంతే" అని అడిగాను. నాలుగు గడులు గీసిచ్చాను: టైమింగ్స్, దారి, డాక్టర్ గారు ఉన్నారా, మిగతావి. పిచ్ మధ్యలో వారం ఆగడం కొంచెం టెన్షన్ పెట్టే పనే, ఈలోగా మనసు మారిపోవచ్చు. కానీ ఆ వారం తర్వాత నా దగ్గర ఉండేది నా అభిప్రాయం కాదు, వాళ్ల నోటు పుస్తకం.

వారానికి 112 కాల్స్ వచ్చాయి. టైమింగ్స్ కోసం 38, డాక్టర్ గారు ఉన్నారా అని 21, దారి అడుగుతూ 9. మిగతావి అపాయింట్‌మెంట్లు, రిపోర్టులు, టీకా డేట్లు. మొదటి మూడూ కలిపి 68. ఫోన్‌లో పేజీ తెరవగానే పై వరుసలో ఉండదగిన సమాధానాలవి.

ఇంకో సంగతి ఆ వారంలోనే బయటపడింది. సైట్‌లో ఒక కాంటాక్ట్ ఫారమ్ ఉంది. "దాన్నెవరూ వాడరండీ, మూడు నాలుగేళ్లుగా ఒక్కటీ రాలేదు" అన్నారు. అనుమతి అడిగి, నా పేరుతోనే ఒక టెస్ట్ మెసేజ్ పంపాను. ఇన్‌బాక్స్‌కి రాలేదు. స్పామ్ ఫోల్డర్ తెరవమన్నాను. నాది అక్కడ ఉంది. దాని కింద ఇంకా కొన్ని ఉన్నాయి, అవి నిజం పేషెంట్లవి. నేను కుర్చీ వెనక్కి జరుపుకుని తల తిప్పుకున్నాను. ఎవరి బిడ్డకి ఏమైందో నేను చదవాల్సిన పని లేదు.

గదిలో ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. ఆ నిమిషంలో "చూశారా" అన్న ఒక్క మాట చాలు, అంతా పాడవడానికి. ఎందుకిలా జరిగిందో మాత్రం చెప్పాను, అది నిజంగా ఎవరి తప్పూ కాదు. ఆ ఫారమ్, నింపినవాళ్ల మెయిల్ చిరునామానే పంపినవారి చిరునామాగా పెట్టి పంపిస్తోంది. జవాబు కొట్టడం తేలికని అప్పట్లో చాలామంది అలాగే రాసేవారు. తర్వాత మెయిల్ సర్వీసులు దొంగ మెయిళ్లని ఆపడానికి, ఫలానా చిరునామా పేరు మీద ఏ సర్వర్ పంపవచ్చో సరిచూడడం మొదలుపెట్టాయి. 2014 ఏప్రిల్లో యాహూ, తన చిరునామాతో వేరే సర్వర్ల నుంచి వచ్చే మెయిల్‌ని తిరస్కరించమని ప్రకటించింది. ఆ దారినే మిగతావాళ్లూ కట్టుదిట్టం చేస్తూ వచ్చారు. క్లినిక్ సర్వర్ పేషెంట్ చిరునామాతో పంపుతున్న మెయిల్, చూసే సర్వర్‌కి దొంగ మెయిల్‌లాగే ఉంటుంది. స్పామ్‌లో పడినవి కనీసం దొరికాయి. పూర్తిగా తిరస్కరించినవి ఎన్నో ఎవరికీ తెలియదు. సరిచేయడం రెండు లైన్ల పని:

```
From: form@example.com
Reply-To: patient@example.net
```

మొదటిది క్లినిక్ సొంత డొమైన్ చిరునామా, రెండోది ఫారమ్ నింపినవాళ్లది. దాంతోపాటు ఆ డొమైన్ పేరు మీద మెయిల్ పంపడానికి ఈ సర్వర్‌కి అనుమతి ఉందని డీఎన్ఎస్‌లో ఎస్‌పీఎఫ్ రికార్డు కూడా ఉండాలి, లేకపోతే మళ్లీ స్పామ్‌కే.

డాక్టర్ గారు స్పామ్‌లో ఉన్నవాటికి ఆ సాయంత్రమే ఫోన్లు చేయించారట. ఫారమ్ గురించి మరిది గారికి ఏమని చెప్పాలో నన్నడిగారు. "నేనే మాట్లాడతాను మేడమ్, నంబరివ్వండి" అన్నాను.

ఆ కాల్ ఈ కేసు మొత్తంలో ముఖ్యమైన ఇరవై నిమిషాలు. ఆయన ఇప్పుడు వేరే దేశంలో, వేరే రంగంలో ఉన్నారు. సైట్‌ని ఏం చేయబోతున్నానో చెప్పే ముందు, ఎలా కట్టారో అడిగాను. నిజంగానే తెలియాల్సిన విషయాలవి: మెనూని బొమ్మలతో ఎందుకు చేశారు, పేజీలు చేత్తో రాసినవా, బ్యాకప్ ఎక్కడుంది. అప్పటి బ్రౌజర్లలో లేఅవుట్ పక్కకి జరిగిపోకుండా టేబుల్స్ పెట్టానని చెప్పారు. కాసేపయ్యాక ఆయనే, "నేనే ఎప్పుడో మార్చేద్దామన్నానండీ, వదిన బాగానే ఉందిగా అంటూ వచ్చింది" అన్నారు. ఫారమ్ సంగతి చెబితే, "అవును, అప్పుడు అలాగే రాసేవాళ్లం" అన్నారు. డొమైన్ ఖాతా ఆయన పాత ఆఫీసు మెయిల్ మీద ఉందని కూడా అప్పుడే తెలిసింది. ఆ మెయిల్ ఇప్పుడు లేదు. రెన్యువల్ నోటీసులు ఎవరికీ అందకుండా పోతున్నాయి. కార్డు మీద ఆటోమేటిక్‌గా చెల్లింపు జరుగుతోంది కాబట్టి సైట్ బతికుంది. కార్డు గడువు ఇంకో ఐదు నెలలు. పాస్‌వర్డ్ ఆయన దగ్గర రాసి ఉండబట్టి ఖాతాలోకి వెళ్లి, మెయిల్‌ని డాక్టర్ గారి పేరు మీదికి మార్చగలిగారు. అది మర్చిపోయి ఉంటే రిజిస్ట్రార్‌కి గుర్తింపు పత్రాలు పంపి వారాల తరబడి తిరగాల్సి వచ్చేది.

ఇదంతా అయ్యాకే ప్రపోజల్ రాశాను. ఒక్క పేజీ. పైన "ఉండేవి" అన్న శీర్షిక, దాని కింద డొమైన్ పేరు, డాక్టర్ గారు రాసిన పేజీలన్నీ అక్షరం మార్చకుండా, వాటి చిరునామాలు, బ్యానర్ ఫోటో. చిరునామాల మాట ఊరికే మంచి చేసుకోవడానికి రాసింది కాదు. జ్వరం పేజీకి బయటి సైట్ల నుంచి లింకులున్నాయి. చిరునామా మారిస్తే 301 దారిమళ్లింపు పెట్టాలి, అసలు మార్చకపోతే ఆ బెడదే లేదు. తర్వాత "మారేవి": ముందుపేజీ, ఫారమ్, హెచ్‌టీటీపీఎస్. సర్టిఫికెట్‌కి డబ్బు కట్టనక్కర్లేదని, ఉచితంగానే వస్తుందని, నేను తీసుకునేది దాన్ని పెట్టే పనికేనని విడిగా రాశాను. చివర "ఇప్పుడు చేయనివి": ఆన్‌లైన్ బుకింగ్, బ్లాగ్, యాప్. ఫీజు ఒకే అంకె, ఆరు పని దినాలు.

"మిగతా పేజీలు కూడా ఫోన్‌కి సరిపోయేలా ఒక లైన్ పెడితే చాలదా?" అని మరిది గారు మెయిల్‌లో అడిగారు. ఆ లైన్ ఇదీ:

```
<meta name="viewport" content="width=device-width, initial-scale=1">
```

మంచి ప్రశ్నే. ఈ లైన్ లేనప్పుడు ఫోన్ బ్రౌజర్ పేజీని దాదాపు 980 పిక్సెళ్ల వెడల్పులో గీసి, తర్వాత కుదించి చూపిస్తుంది. 390 వెడల్పున్న ఫోన్‌లో 14 పిక్సెళ్ల అక్షరం ఐదున్నరకి పడిపోతుంది. అందుకే సాగదీయాల్సి వస్తోంది. ఈ లైన్ పెట్టగానే కుదించడం ఆగిపోతుంది, కానీ 980 దగ్గర బిగించిన టేబుల్ అలాగే ఉంటుంది కాబట్టి పేజీలో సగానికి పైగా కుడివైపు స్క్రీన్ బయటికి పోతుంది. అక్షరాలు కనిపిస్తాయి గానీ, ప్రతి వాక్యానికీ పక్కకి జరపాలి. అంటే ముందున్నదే నయం. టేబుల్ విప్పి వెడల్పు వదిలేశాకే ఆ లైన్ పనికొస్తుంది. జ్వరం పేజీకి ఆ పని కూడా ఇందులోనే చేస్తానని, మిగతా పన్నెండు రెండో విడతకి ఉంచుదామని జవాబిచ్చాను.

నేను తప్పు చేసిన చోటు ఒకటుంది. ప్రపోజల్ తొలి ప్రతిలో రెండో విడతని "పూర్తి ఆధునికీకరణ" అని రాశాను. డాక్టర్ గారు దాని కింద పెన్సిల్‌తో గీత గీసి, "అంటే ఇప్పుడున్నది?" అని పక్కన రాసి పంపారు. "మిగతా 12 పేజీలు ఫోన్‌కి" అని మార్చాను. పేజీల సంఖ్య చెబితే ఎవరికీ తగలదు, పని ఎంతో కూడా తెలుస్తుంది.

పని ఆరు రోజులు అనుకుంటే తొమ్మిదైంది. హోస్టింగ్ పాత ప్లాన్‌లో సర్టిఫికెట్ తనంతట తాను రెన్యూ అయ్యే వీలు లేదు, ప్లాన్ మార్చాల్సి వచ్చింది. ఇది నేను ముందే చూడాల్సింది, అదనపు రోజులకి ఫీజు అడగలేదు.

నెల తర్వాత రిసెప్షన్ అమ్మాయి మళ్లీ వారం పాటు గీతలు గీసింది. టైమింగ్స్ కాల్స్ 38 నుంచి 19కి వచ్చాయి. దారి అడిగినవి 7. "డాక్టర్ గారు ఉన్నారా" మాత్రం 22, అంటే ఏమీ తగ్గలేదు. సైట్‌లో టైమింగ్స్ ఉన్నా, ఇవాళ నిజంగా వచ్చారో లేదో అది చెప్పలేదు కదా. తగ్గినవాటిలో మ్యాప్‌లో ఆదివారం సరిచేసిన వాటా ఎంతో, ముందుపేజీ వాటా ఎంతో విడదీయలేను. ఒక్కో వారం లెక్కతో అంతకంటే గట్టిగా మాట్లాడితే బాగుండదని ఆవిడతోనూ అన్నాను. ఫారమ్ నుంచి ఆ నెలలో పదకొండు మెసేజ్‌లు వచ్చాయి, అన్నీ ఇన్‌బాక్స్‌కే.

రెండో విడత ఇంకా మొదలవలేదు. ఉదయం రిసెప్షన్‌లో ఒక్క బటన్ నొక్కితే "ఈరోజు డాక్టర్ గారు ఉన్నారు" అని ముందుపేజీలో మారేలా చేయగలనా అని డాక్టర్ గారు అడిగారు, ముందు అది చేస్తున్నాను. బ్యానర్ ఫోటో పేజీ అడుగున, క్లినిక్ గురించి రాసిన చోట ఉంది. దాని కింద ఎవరు తీశారో పేరు కూడా వేయమన్నారు.